బ్లౌజు కటింగ్ కోర్సు: రికార్డు చేసే ముందే అమ్మి చూడండి

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో ఇంటి దగ్గరే కుట్టు క్లాసులు చెబుతాను. రెండు నెలల క్లాసుకు 4,000 రూపాయలు తీసుకుంటాను. పెళ్లయి వేరే ఊళ్లకు వెళ్లిన నా పాత విద్యార్థులు, వాళ్ల స్నేహితులు ఆన్‌లైన్‌లో నేర్పమని అడుగుతున్నారు. బ్లౌజు కటింగ్ మొదటి నుంచి చివరి దాకా వీడియోలుగా తీసి అమ్మాలని ఉంది. ఒక ఏజెన్సీ వాళ్లు 75,000 ఇస్తే వీడియోలు తీసి, నా పేరుతో యాప్ చేసి పెడతామంటున్నారు. యూట్యూబ్‌లో ఇన్ని ఉచితంగా ఉండగా నా కోర్సు ఎవరైనా కొంటారా? ధర ఎంత పెట్టాలి? ఎక్కడ పెట్టాలి?
— ఒక కుట్టు టీచర్, తిరుపతి

సమాధానం: అమ్మా, ఆ 75,000 ఇప్పుడు ఇవ్వకండి. ఆ ఏజెన్సీ ఎంత మంచిదైనా అది మీకు ఇచ్చేది వీడియోలు, ఒక యాప్. డబ్బు కట్టి కొనేవాళ్లు ఉన్నారా, ఉంటే ఏ పాఠం కోసం కడతారు అన్నది మీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. ముందు తేలాల్సింది అదే. ఒక నెల ఓపిక పడితే దాదాపు ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు.

మీ అసలు భయం ఉచిత వీడియోల గురించి కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం. యూట్యూబ్‌లో `blouse cutting in telugu` అని కొట్టి పైన వచ్చిన వీడియోలు కొన్ని ఓపికగా చూడండి. చాలా వాటిలో ఒకే కొలత ఉంటుంది, 34 లేదా 36. ఛాతీలో నాలుగో వంతు తీసుకుని, వదులు కలిపి, గీత గీసి, కత్తిరించి, కుట్టి చూపిస్తారు. చక్కగా వస్తుంది. ఆ తర్వాత వీడియో కింద వ్యాఖ్యలు చదవండి. మీకు కావలసిన సమాచారం అంతా అక్కడే ఉంది. "అక్కా, మీరు చెప్పినట్టే కుట్టాను, భుజం జారిపోతోంది." "చంక దగ్గర ముడతలు వస్తున్నాయి, ఎందుకు?" "నాది 42, ఇదే లెక్క సరిపోతుందా?" ఇలాంటి ప్రశ్నలకు చాలాచోట్ల జవాబే ఉండదు. ఉచిత వీడియో సరిగ్గా వచ్చిన బ్లౌజును చూపిస్తుంది. చెడిపోయిన బ్లౌజు చేతిలో పట్టుకుని కూర్చున్న మనిషికి దారి చూపేవాళ్లు తక్కువ.

అందుకే "మొదటి నుంచి చివరి దాకా బ్లౌజు కటింగ్" అన్న కోర్సు చేయవద్దంటాను. ఆ దారిలో వెళితే వేల ఉచిత వీడియోలతో పోటీ పడాలి, పైగా మీ కోర్సు నలభై పాఠాలై కూర్చుంటుంది. దాని బదులు ఒక నోటు పుస్తకం తీసుకోండి. గత ఏడాదిలో వచ్చిన వ్యాఖ్యల్లో పొగడ్తలు వదిలేసి ప్రశ్నలు మాత్రమే ఓ వంద దాకా రాసుకోండి. ఒకే రకం ప్రశ్నలను ఒకచోట చేర్చండి. భుజం జారడం, చంక ముడతలు, ముందు మెడ పైకి లేవడం, డాట్ కొన ఛాతీ మీద సరైన చోట కూర్చోకపోవడం, ఇలా నాలుగైదు కుప్పలు అవుతాయి. పెద్ద కుప్ప ఏదో అదే మీ అంశం. కొలత తీసుకోవడం, గుండీలు కుట్టడం లాంటివి చిన్న కుప్పలైతే వాటి జోలికి పోవద్దు.

తర్వాత మీ పాత విద్యార్థుల్లో పది మందికి ఫోను చేయండి. "కోర్సు పెడితే కొంటావా?" అని మాత్రం అడగకండి. టీచరు అడిగితే ఎవరూ కాదనరు. ఆ మాటకు విలువ కట్టి 75,000 ఖర్చు పెట్టడం పెద్ద పొరపాటు. "ఈ మధ్య చెడిపోయిన బ్లౌజు ఏది? ఏమైంది? తర్వాత ఏం చేశావు? దానికి ఎంత ఖర్చయింది?" అని అడగండి. ఇంట్లో కుట్టుకునే అమ్మాయి "ఆ బ్లౌజు పక్కన పడేశాను" అంటుంది. కుట్టుకూలి మీద బతికే అమ్మాయి "కస్టమరుకు బట్ట డబ్బు కట్టిచ్చాను, మళ్లీ రాలేదు" అంటుంది. రెండో అమ్మాయికి ఆ తప్పు సంపాదన మీద దెబ్బ. కోర్సు ఎవరి కోసమో ఈ ఫోన్లతోనే తేలుతుంది. నా అంచనా ప్రకారం మీ మొదటి కొనుగోలుదారులు కొత్తగా కుట్టుకూలి మొదలుపెట్టిన వాళ్లే.

ఇప్పుడు అసలు పరీక్ష. భుజం జారడం, చంక ముడతలు పెద్ద కుప్పలుగా వచ్చాయనుకుందాం. వీడియో ఒక్కటి కూడా తీయకుండా వాట్సాప్‌లో ఒక సందేశం రాయండి. కుట్టిన బ్లౌజులో భుజం, చంక దగ్గర వచ్చే తప్పులు ఎందుకు వస్తాయి, తర్వాతి కటింగులో ఎలా సరిచేసుకోవాలి అన్నది నాలుగు ఆదివారాలు ఫోనులో ప్రత్యక్షంగా నేర్పుతానని చెప్పండి. తేదీలు, వేళ, రుసుము 499 అని స్పష్టంగా పెట్టండి. పది మంది చేరకపోతే ఫలానా తేదీకి డబ్బు వెనక్కి పంపేస్తానని కూడా రాయండి. డబ్బు యూపీఐలో నేరుగా మీ ఖాతాకు తీసుకోండి. ఈ దశకు అది చాలు, వెబ్‌సైటు అవసరం లేదు. సందేశాన్ని పాత విద్యార్థులకు, వాళ్ల ద్వారా వాళ్ల స్నేహితులకు పంపండి.

చప్పట్లు, పువ్వుల బొమ్మలు, "సూపర్ మేడం" అన్న జవాబులు లెక్కలోకి రావు. డబ్బు కట్టినవాళ్లే లెక్క. ఓ వంద మందికి సందేశం చేరితే పది మంది కట్టారంటే అంశం నిలబడుతుంది. ముగ్గురు నలుగురే కడితే అడిగి కట్టనివాళ్లకు ఫోను చేసి కారణం కనుక్కోండి. ధర ఎక్కువన్నారా, ఆదివారం కుదరదన్నారా, ఆ సమస్య తమకు లేదన్నారా అన్నదాన్ని బట్టి ఏం మార్చాలో తెలుస్తుంది. ఎవరూ కట్టకపోతే డబ్బు, శ్రమ మిగిలాయి, రెండో కుప్పతో మళ్లీ అడగవచ్చు. పది మంది చేరకపోతే మాత్రం చెప్పిన తేదీకే డబ్బు వెనక్కి పంపండి. మీ ఊళ్లో మీ పేరే మీ దుకాణం.

సందేశం ఏ నెలలో పంపుతారన్నదీ చూసుకోండి. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతానికి, పెళ్లి ముహూర్తాల రోజుల్లో టైలర్లకు ఊపిరాడదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, చేతిలో పని తగ్గుతుంది, ముందు శ్రావణం రద్దీ ఉందని అందరికీ తెలుసు. కుట్టుకూలి చేసేవాళ్లకు కొత్తగా నేర్చుకోవడానికి అంతకంటే అనువైన నెల లేదు. ఇంట్లో కుట్టుకునేవాళ్లే మీ కొనుగోలుదారులని తేలితే వేసవి సెలవులు నయం.

ఈ నాలుగు ఆదివారాల క్లాసులే మీ కోర్సుకు ముసాయిదా. ఎక్కడ "మళ్లీ ఒకసారి చెప్పండి" అన్నారో అక్కడ గుర్తు పెట్టుకోండి, రికార్డు చేసేటప్పుడు అక్కడ నెమ్మదించాలి. ఉదాహరణకు చంక పాఠమే తీసుకోండి. వెనుక భాగం కంటే ముందు భాగం చంక వంపు అర అంగుళం లోపలికి తీయాలని మీరు అలవాటుగా ఒక్క మాటలో చెప్పేస్తారు. కొత్తవాళ్లు రెండు భాగాలూ ఒకదాని మీద ఒకటి వేసి ఒకేలా కత్తిరిస్తారు. ఆ మిగిలిపోయిన బట్టే ముందు వైపు చంకలో ముడతగా కనిపిస్తుంది. కోర్సులో ఈ ఒక్క విషయానికి ఒక పాఠం ఇవ్వాలి. ముడత పడిన బ్లౌజు చూపించి, విప్పి, రెండు భాగాలనూ పక్కపక్కన పరిచి, తేడా టేపుతో కొలిచి, సరిచేసి మళ్లీ కుట్టి వేయించి చూపించాలి. భుజం జారడానికి ఎక్కువసార్లు కారణం మెడ వెడల్పు ఎక్కువ తీయడం. దానికి ఇంకో పాఠం. ఒక తప్పుకు ఒక పాఠం, ఆరు నుంచి పది నిమిషాలు. అలాంటివి ఎనిమిది చాలు. ఎనిమిదింటినీ పూర్తిగా చూసిన మనిషి, నలభైలో ఐదు చూసి వదిలేసిన మనిషి కంటే మీ గురించి పదిమందికి ఎక్కువ చెబుతుంది.

చిత్తూరు వైపు తమిళం మాట్లాడే విద్యార్థులు కూడా ఉంటారు కాబట్టి రెండు భాషల్లో చేద్దామని అనిపించవచ్చు. మొదటి కోర్సుకు వద్దు. తెలుగులో అమ్ముడయ్యాక ఆలోచించండి.

రికార్డింగుకు ఏజెన్సీ అక్కర్లేదు. మీ ఫోను, అడ్డంగా చేయి చాచి ఫోనును బల్లకు నేరుగా పైన పట్టే స్టాండు, కాలరుకు పెట్టుకునే మైకు సరిపోతాయి. పాఠానికి పూల డిజైను పట్టు కాకుండా లేత రంగు సాదా కాటను బట్ట వాడండి. దారం మాత్రం బట్టకు బాగా భిన్నమైన రంగులో ఉండాలి. ఎర్ర బట్ట మీద ఎర్ర దారం ఇంటి దగ్గర అందం, తెర మీద కుట్టే కనబడదు. ట్యూబులైటు కింద తీస్తే కొన్నిసార్లు వీడియోలో నల్ల చారలు కదులుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫోనులో షట్టర్ వేగాన్ని 1/50 లేదా 1/100 కు పెడితే చాలావరకు పోతాయి, లేదంటే పగలు కిటికీ వెలుగులో తీయండి. ఫ్యాను ఆపేయండి. మిషను తొక్కుతూ మాట్లాడవద్దు. ఆ ముక్కను మాట లేకుండా తీసి, వివరణ తర్వాత విడిగా చెప్పి కలపండి.

తీసిన మొదటి పాఠాన్ని ఇంట్లో ఉన్న చిన్న, పాత ఫోనులో 480p లో పెట్టి చూడండి. టేపు మీద అంకె చదవగలిగారా? లేకపోతే కెమెరా ఇంకా దగ్గరకు తేవాలి. మీ విద్యార్థులు చూసేది ఆ ఫోనులోనే, రోజువారీ డేటా అయిపోకుండా జాగ్రత్త పడుతూ.

చంక వంపు, మెడ వంపు నమూనాలు పీడీఎఫ్‌గా ఇస్తే మీ కోర్సు విలువ బాగా పెరుగుతుంది. అందులో ఒక చిక్కు ఉంది. జిరాక్సు షాపులో ప్రింటరు మామూలుగా `Fit` మీద ఉంటుంది, కాగితానికి సరిపోయేలా నమూనాను కొంచెం కుదించేస్తుంది. ఆ నమూనాతో కత్తిరించిన బ్లౌజు బిగుతవుతుంది, తప్పు మీ మీదకు వస్తుంది. ప్రతి పేజీ మూలలో రెండు అంగుళాల చదరం ఒకటి గీయండి. `Actual size` లేదా 100% అని అడిగి ప్రింటు తీయించాలని, ఆ చదరాన్ని టేపుతో కొలిచి సరిగ్గా రెండు అంగుళాలు వస్తేనే బట్ట మీద వాడాలని పాఠంలోనూ, పేజీ మీదా చెప్పండి.

ఇంకో మాట, ఇది బలంగా చెబుతున్నాను. ఫిట్టింగు చూపించడానికి బొమ్మ సరిపోదు, నిజమైన భుజాలు కావాలి. ఆ మనిషి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ముఖం చూపకండి. అమ్మకానికి పెట్టాక ఆ వీడియో ఎక్కడిదాకా వెళుతుందో మన చేతిలో ఉండదని ముందే ఆమెకు చెప్పండి.

ఇక ధర. వీడియోలు నకలు అవుతాయి. లాగిన్, తెర మీద కొనుగోలుదారు ఫోను నంబరు కదులుతూ కనిపించడం లాంటివి నకళ్లను తగ్గిస్తాయే కానీ పూర్తిగా ఆపలేవు. ఎవరూ నకలు చేయలేనిది మీ కన్ను. కాబట్టి కొన్న ప్రతి మనిషి తన రెండు బ్లౌజుల ఫోటోలు పంపవచ్చని, శనివారాల్లో మీరు చూసి తప్పు చెబుతారని కోర్సులో కలపండి. మెడ నుంచి నడుము దాకా, ముఖం లేకుండా తీయమనండి, జవాబు చెప్పాక తొలగించండి. ఆ మాట ముందే రాసి పెట్టండి. రెండుకు మించి వద్దు. ఒక్కో ఫోటోకు పది నిమిషాలు పడుతుంది. ముప్పై మంది చేరితే అదే పది గంటల పని.

1,499 రూపాయల ధరతో లెక్క వేద్దాం. రేజర్‌పే లాంటి చెల్లింపు సేవ సాధారణంగా 2 శాతం, దాని మీద జీఎస్టీ తీసుకుంటుంది, సుమారు 35 రూపాయలు. ఫోటోలు చూసే ఇరవై నిమిషాలకు, రెండు గంటల్లో ఒక లైనింగ్ బ్లౌజు కుట్టి 400 సంపాదిస్తారనుకుంటే, 67 రూపాయలు. కోర్సులు పెట్టుకునే వేదికకు నెలకు 2,500 అద్దె అనుకుని, నెలకు పది కోర్సులు అమ్మితే ఒక్కోదానికి 250. ఇవన్నీ పోగా 1,147 మిగులుతుంది. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు ఒక్కో అమ్మకానికి 500 ఖర్చయినా ఇంకా 647 ఉంటుంది. ఇదే కోర్సు 499కు అమ్మితే అన్నీ పోగా మిగిలేది 170. ప్రకటన అన్న మాటే ఎత్తలేరు. ప్రత్యక్ష క్లాసుకు 499 పెట్టమన్నది మొదటి బృందం కోసమే, వాళ్లు మీకు ప్రశ్నలు ఇస్తున్నారు కాబట్టి. కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే 1,499 అంటే నాలుగు బ్లౌజుల కూలి కంటే తక్కువ. ఒక కస్టమరు పట్టు బట్టకు డబ్బు కట్టిచ్చిన మనిషికి ఇది భారం అనిపించదు. ఏజెన్సీకి ఇచ్చే 75,000 రావాలంటే ప్రకటనలు లేకుండానే 66 కోర్సులు అమ్మాలి. అది కూడా ఇదే లెక్క నుంచి వచ్చింది.

ఎక్కడ పెట్టాలన్నది పై లెక్కలోనే సగం తేలిపోయింది. నెలకు మూడే అమ్మితే ఆ 2,500 అద్దె ఒక్కో కోర్సు మీద 833 పడుతుంది. అందుకే మొదటి పాతిక మందికి యూట్యూబ్‌లో `Unlisted` గా పెట్టి లింకులు పంపండి. లింకు ఉన్న ఎవరైనా చూడగలరు, ఆ సంగతి తెలిసే చేయండి. నెలకు ఏడెనిమిది అమ్మకాలు నిలకడగా వస్తున్నాయంటే అప్పుడు గ్రాఫీ, థింకిఫిక్ లాంటి వేదికకు మారండి. లాగిన్, చెల్లింపు, ఎవరు ఏ పాఠం దాకా చూశారు అన్నది అదే చూసుకుంటుంది. ఏడాది డబ్బు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. మొదట నెలవారీగానే తీసుకోండి. కొనుగోలుదారుల పేర్లు, నంబర్లు మీరు డౌన్‌లోడ్ చేసుకోవడానికి వీలుందో లేదో చేరకముందే చూడండి.

ఆన్‌లైన్ కోర్సులు అమ్మే యుడెమీ సైటు గురించి చాలామంది చెబుతారు. మీరు పంపిన లింకుతో వచ్చి కొంటే 97 శాతం మీకే ఇస్తుంది. కానీ దాని వెతుకులాటలో దొరికి కొంటే మీ వాటా 37 శాతం. డిస్కౌంట్లలో చేరితే మీరు 1,499 పెట్టిన కోర్సు ఓ 449కి అమ్ముడవుతుంది. పన్ను పోగా 380 అనుకుంటే మీకు వచ్చేది 140. మీ ఫోటోల పనికే 67 పోతుంది. మీ కోర్సుకు అది సరిపడదు.

చెల్లింపు సేవకు దరఖాస్తు చేసేటప్పుడు పాన్, బ్యాంకు ఖాతాతో పాటు ధర, డబ్బు వాపసు నిబంధన, మీ సంప్రదింపు వివరాలు ఉన్న ఒక పేజీ అడుగుతారు. వాపసుకు నా సలహా: ఏడు రోజుల్లోపు, రెండు పాఠాలకు మించి చూడకపోతే పూర్తి డబ్బు. సేవల రాబడి ఏడాదికి 20 లక్షల లోపు ఉంటే సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మీ క్లాసుల డబ్బు, కుట్టుకూలి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. వచ్చిన డబ్బు ఆదాయపు పన్ను లెక్కల్లో చూపాలి కాబట్టి మొదటి అమ్మకం నుంచే ఒక ఖాతా విడిగా పెట్టుకోండి.

అసలు వీడియోలను మాత్రం వేదిక మీదే వదిలేయకండి. ఫోనులో తీసిన మూల ఫైళ్లు ఒక హార్డ్‌డిస్కులో, ఇంకో నకలు వేరేచోట ఉంచండి. ఒక పాఠంలో కొలత తప్పు చెప్పారని తెలిస్తే ఆ ముక్క ఒక్కటే మళ్లీ తీసి అతికించుకోవచ్చు.